108 అంబులెన్స్ నుంచి క్యాజువాలిటీకి: పేషెంట్‌ను అప్పగించేటప్పుడు ఏం చెప్పాలి, ఏ వరుసలో చెప్పాలి

కొత్తగా చేరిన ఈఎంటీలు తరచూ అడిగే ప్రశ్న ఇది: "చెప్పాల్సినవి బోలెడు ఉంటాయి. డాక్టర్ గారేమో రెండో వాక్యానికే పేషెంట్ వైపు తిరిగిపోతారు. మిగతాది ఎవరికి చెప్పాలి?"

డాక్టర్ తిరిగిపోవడానికి చాలాసార్లు కారణం మన దగ్గరే ఉంటుంది. ఫోన్ ఎన్నింటికి వచ్చిందో, ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో చెబుతూ మొదలుపెడతాం. ఆయనకు కావాల్సింది పేషెంట్‌కు ఇప్పుడు ఏం ప్రమాదం ఉందన్న సంగతి. అది మొదటి వాక్యంలో రాకపోతే తనే వెతుక్కోవడం మొదలుపెడతారు.

ఈ మార్గదర్శిలో రోడ్డు ప్రమాదం కేసు ఒకటి తీసుకుని, ఘటనా స్థలం నుంచి పేషెంట్ కేర్ రికార్డు, అంటే పీసీఆర్ మీద సంతకం దాకా వెళ్దాం. పురుగుల మందు, పక్షవాతం, పాముకాటు కేసుల్లో ఏం మారుతుందో చివర్లో ఉంది.

## 1. ఒకే వరుస పెట్టుకోండి

గాయాల కేసులకు చాలా దేశాల్లో వాడే వరుసను అట్‌మిస్ట్ అంటారు. ఆరు అంశాలు ఉంటాయి:

1. వయసు, ఆడా మగా
2. సమయం: ప్రమాదం ఎన్ని గంటలకు జరిగింది
3. ఎలా జరిగింది
4. ఏ దెబ్బలు తగిలాయి
5. వైటల్స్: అప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత
6. మనం చేసిన చికిత్స, దానికి పేషెంట్‌లో వచ్చిన మార్పు

మీ జిల్లాలో, మీ సంస్థలో వేరే వరుస నేర్పి ఉంటే అదే వాడండి. వరుస ఏదైనా ప్రతి కేసుకీ మారకూడదు. రోజూ ఒకే క్రమంలో విన్న డాక్టర్‌కు, ఎలా జరిగిందో చెప్పాక దెబ్బలు వస్తాయని ముందే తెలుసు. అందుకే మధ్యలో ఆపరు. మీకు కూడా ఏది చెప్పడం మరిచిపోయారో వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది.

ఈ ఆరింటికీ ముందు ఇంకో వాక్యం చేర్చాలి. దాన్ని హెడ్‌లైన్ అనుకుందాం: పేషెంట్‌కు ఇప్పుడున్న అతి పెద్ద ప్రమాదం, ఒకే వాక్యంలో. ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

## 2. ఘటనా స్థలంలోనే సేకరించాల్సినవి

క్యాజువాలిటీలో మాట తడబడటానికి కారణం భయం కంటే కూడా సమాచారం లేకపోవడమే. కొన్ని సంగతులు ప్రమాదం జరిగిన చోట తప్ప ఇంకెక్కడా దొరకవు. బండి కదిలాక వాటిని అడగడానికి మనిషి ఉండడు.

ఏబీసీ చూసి, రక్తం ఆపి, స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుండగానే బండి నడిపే పైలట్ అన్నతో ఈ పని చేయించవచ్చు. చుట్టూ మూగినవాళ్ళలో చూసినవాళ్ళెవరో కనుక్కుని మూడు ప్రశ్నలు వేస్తే చాలు:

- ఎన్ని గంటలకు జరిగింది? (ఫోన్ చేసినాయన కాల్ లాగ్ చూస్తే నిమిషంతో సహా దొరుకుతుంది.)
- దేన్ని గుద్దాడు, ఎటు పడ్డాడు, హెల్మెట్ ఉందా?
- పడ్డాక స్పృహ పోయిందా? మాట్లాడాడా? మళ్ళీ మగతలోకి జారాడా?

మూడోదాన్ని వదిలేయకండి. పడగానే స్పృహ పోయి, తర్వాత తేరుకుని మాట్లాడి, మళ్ళీ మగతలోకి వెళ్ళాడంటే మెదడు పైన రక్తం చేరుతోందేమోనని న్యూరో సర్జన్ అనుమానిస్తారు. ఆ మధ్యలో మాట్లాడిన సంగతి చూసింది రోడ్డు పక్క టీ కొట్టు ఆయన ఒక్కడే కావచ్చు.

బండి ఎంత నుజ్జయిందో కూడా ఒక్క చూపు చూడండి. కారైతే స్టీరింగ్ వంగిందా, పక్క సీటులో ఎవరైనా చనిపోయారా అన్నవి దెబ్బ తీవ్రతను చెబుతాయి. మొదటి వైటల్స్ బండి కదలకముందే, వీలైనంత తొందరగా తీయండి. ఆ మొదటి అంకెలు లేకపోతే తర్వాతి అంకెలను పోల్చడానికి ఏమీ ఉండదు.

## 3. ఎక్కడ రాయాలి

గ్లోవ్ మీద రాయడం మనలో చాలామందికి అలవాటు. కానీ గ్లోవ్ రక్తమంటగానే మార్చేస్తాం, రాసిందంతా డస్ట్‌బిన్‌లోకి పోతుంది.

దీనికంటే మేలైన పద్ధతి ఒకటుంది. రెండంగుళాల వెడల్పున్న తెల్ల ప్లాస్టర్ టేప్ ఒక జానెడు చింపి, ప్యాంటు మీద తొడ దగ్గర అంటించుకోండి. బాల్ పెన్‌తో దాని మీద రాయండి. కూర్చుంటే అక్షరాలు మీ వైపే ఉంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి. అప్పగించాక ఊడదీసి పీసీఆర్ నింపేటప్పుడు పక్కన పెట్టుకోవచ్చు. పని పూర్తయ్యాక చించి పారేయండి, పేషెంట్ వివరాలు ఎవరి చేతుల్లోనూ పడకూడదు.

టేప్ మీద ఉండాల్సినవి ఇవే:

- ప్రమాదం సమయం
- మొదటి వైటల్స్, పక్కన టైమ్
- చివరి వైటల్స్, పక్కన టైమ్
- ఇచ్చిన ప్రతి మందు: పేరు, డోసు, టైమ్
- టూర్నికే కట్టి ఉంటే కట్టిన టైమ్, గుండ్రంగా చుట్టి

వయసు, దెబ్బలు, ఎలా జరిగింది అన్నవి రాయనక్కర్లేదు. అవి మీరు కళ్ళతో చూశారు, గుర్తుంటాయి. మనిషి మరిచిపోయేది అంకెలనే.

## 4. ముందే ఫోన్ చేయడం

పరిస్థితి తీవ్రంగా ఉంటే బయల్దేరగానే క్యాజువాలిటీకి చెప్పండి. మీ దగ్గర కంట్రోల్ రూమ్ ద్వారా చెప్పే పద్ధతి ఉంటే అలాగే చెప్పండి. ఈ కాల్ అర నిమిషం దాటకూడదు. హెడ్‌లైన్, వయసు, ఎలా జరిగింది, ఇప్పటి వైటల్స్, ఎన్ని నిమిషాల్లో చేరతారు అన్నవి సరిపోతాయి.

"ఛాతీకి ట్యూబ్ వేయడానికి రెడీ చేయండి", "రక్తం తెప్పించండి" లాంటి ఆర్డర్లు ఫోన్‌లో వద్దని నా అభిప్రాయం. "ఎడమ ఛాతీలో గాలి శబ్దం తగ్గింది, బీపీ 88" అని చెబితే ఏం సిద్ధం చేయాలో వాళ్ళకే తెలుస్తుంది. మనం చూసింది చెబితే అవతలి మనిషి ఆలోచిస్తాడు, ఆర్డర్ వేస్తే వాదనకు దిగుతాడు.

ఎవరితో మాట్లాడారో పేరు అడిగి టేప్ మీద రాసుకోండి. "ముందే చెప్పామండీ" అంటే ఎవరూ ఒప్పుకోరు. "డ్యూటీలో ఉన్న ఫలానా సిస్టర్‌కు 7:18కి చెప్పాం" అంటే పని జరుగుతుంది.

## 5. ఆసుపత్రి గేటుకు ముందు ఒక రిహార్సల్

చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందు చివరిసారి వైటల్స్ తీయండి. ఆ తర్వాత చెప్పబోయేదంతా ఒకసారి పైకి చెప్పుకోండి, పైలట్‌కు వినపడేలా. వింతగా అనిపించినా దీనికి పెట్టే నిమిషం వృథా కాదు. పైకి చెప్పినప్పుడే హెడ్‌లైన్ ఏమిటో మీకు తేలుతుంది. చెప్పలేకపోతే పేషెంట్‌లో ఏది ఎక్కువ ప్రమాదమో మీరింకా నిర్ణయించుకోలేదన్నమాట.

ముందు సీట్లోంచి పైలట్ "టైమ్ చెప్పలేదు" అని అందించిన సందర్భాలు ఉంటాయి. అనుభవం ఉన్న పైలట్ అన్న మంచి శ్రోత, వాడుకోండి.

## 6. తలుపు దగ్గర: ఎవరికి, ఎప్పుడు చెప్పాలి

స్ట్రెచర్ లోపలికి వెళ్ళగానే నలుగురు చుట్టుముడతారు. ఒక హౌస్ సర్జన్, ఒక సిస్టర్, ఒక వార్డ్ బాయ్, ఒక బంధువు. నలుగురికీ నాలుగు ముక్కలు చెబితే ఏ ఒక్కరి దగ్గరా పూర్తి విషయం ఉండదు. అందుకే మొదట అడగండి: "ఈ కేసు ఎవరు తీసుకుంటున్నారు సార్?" చెయ్యెత్తినవారికి, వాళ్ళ ముఖం చూసి, పక్కన ఉన్న సిస్టర్‌కు కూడా వినపడేంత గట్టిగా చెప్పండి.

చెప్పేంతసేపూ పేషెంట్‌ను ఎవరూ కదపకుండా ఉంటే అందరూ వింటారు. మన క్యాజువాలిటీల్లో ఆ నిశ్శబ్దం దానంతట అది రాదు, అడిగి తెచ్చుకోవాలి. "మేడం, ఒక్క నిమిషం. చెప్పేస్తాను, తర్వాత మార్చేద్దాం" అంటే దాదాపు ఎవరూ కాదనరు. ఎంతసేపో ముందే చెప్పడంలోనే ఉంది కిటుకు. ఎప్పుడు ముగుస్తుందో తెలిస్తే ఆగుతారు.

మూడు సందర్భాల్లో మాత్రం ముందు పని, తర్వాతే మాట:

- సీపీఆర్ నడుస్తోంది
- శ్వాసమార్గం మూసుకుపోయింది, లేదా ఊపిరి ఆగిపోతోంది
- రక్తం ధారగా కారుతోంది, ఆగడం లేదు

అప్పుడు హెడ్‌లైన్ ఒక్కటే గట్టిగా చెప్పి చేతులు కలపండి. మిగతాది వాళ్ళకు ఊపిరి సలిపాక, టీమ్ లీడర్ అడిగినప్పుడు చెప్పండి.

## 7. ఒక కేసు: రెండు రకాలుగా

ఉదాహరణ కోసం అల్లిన కేసు ఇది. నకిరేకల్ దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే మీద, చీకటి పడుతున్న వేళ, లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని బైక్ వెనక నుంచి గుద్దింది. నడిపేవాడికి ముప్పై పైబడ్డ వయసు.

మామూలుగా వినపడే అప్పగింత ఇలా ఉంటుంది:

"సార్, ఆర్‌టీఏ కేసు సార్. ఆరు నలభై ఐదుకి మాకు కాల్ వచ్చింది, మేం వెళ్ళేసరికి జనం బాగా ఉన్నారు. లారీని గుద్దాడంట. తలకు బాగా దెబ్బ తగిలింది, రక్తం చాలా పోయింది. కాలు కూడా విరిగింది. మందు వాసన కూడా వస్తోంది సార్. బీపీ కొంచెం తక్కువుంది, మిగతా అంతా స్టేబులే. సెలైన్ పెట్టాం."

ఇందులో అబద్ధం పెద్దగా లేదు, అయినా ఇది డాక్టర్‌ను తప్పుదోవ పట్టిస్తుంది. కాల్ వచ్చిన టైమ్ ఉంది, ప్రమాదం జరిగిన టైమ్ లేదు. రక్తం కనపడుతోంది కాబట్టి తల గాయం ముందుకొచ్చింది, అసలు ప్రమాదం ఉన్న ఛాతీ ప్రస్తావనే రాలేదు. "కొంచెం తక్కువ" అంటే ఎంతో తెలియదు. "స్టేబుల్" అన్న మాట వినగానే డాక్టర్ పక్క బెడ్‌కు వెళ్ళిపోవచ్చు.

అదే పేషెంట్‌ను ఇలా అప్పగించవచ్చు:

"సార్, రెడ్ కేసు. బీపీ పడిపోతోంది, ఎడమ ఛాతీలో గాలి శబ్దం తగ్గింది.

మగ, సుమారు 32.

ప్రమాదం 6:40కి.

బైక్ మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడు. హెల్మెట్ లేదు. స్పృహ పోలేదని చూసినవాళ్ళు చెప్పారు.

పై నుంచి కిందికి: నుదుటికి ఎడమవైపు గాయం, రక్తం ఆగింది. ఎడమ పక్కటెముకల దగ్గర నొప్పి, గాలి శబ్దం తక్కువ. పొట్ట మెత్తగానే ఉంది. ఎడమ తొడ ఎముక విరిగినట్టుంది, పాదంలో నాడి అందుతోంది.

7 గంటలకు పల్స్ 112, బీపీ 110/70, జీసీఎస్ 14. ఇప్పుడు 7:36కి పల్స్ 132, బీపీ 88/60, జీసీఎస్ 12. ఊపిరి 26 నుంచి 32. శాచురేషన్ గాలిలో 92, పది లీటర్ల ఆక్సిజన్ మీద 94. షుగర్ 128.

కాలర్, తొడకు స్ప్లింట్ వేశాం. కుడి చేతికి 18 గేజ్ లైన్, ఎన్‌ఎస్ 300 ఎంఎల్ వెళ్ళింది. బీపీ పెరగలేదు. నొప్పికి ఏమీ ఇవ్వలేదు. మద్యం వాసన ఉంది.

అంతే సార్. ఏమైనా అడగాలా?"

తొందరపడకుండా చదివినా నిమిషానికి అటూ ఇటుగా అయిపోతుంది. "అంతే సార్" అన్నది మర్యాద కోసం పెట్టింది కాదు. అది వినపడగానే గదిలో అందరికీ పని మొదలుపెట్టవచ్చని తెలుస్తుంది. ఆ మాట అనకపోతే ఇంకేదో ఉందేమోనని కొందరు ఆగుతారు, అయిపోయిందనుకుని కొందరు మీ మాట మధ్యలోనే పేషెంట్‌ను ఎత్తేస్తారు.

## 8. ప్రతి అంశంలో ఎక్కడ జారుతుంది

సమయం. "గంట క్రితం" అనకండి, గడియారంలోని అంకె చెప్పండి. మీ మాట క్యాజువాలిటీ డాక్టర్ నుంచి సర్జన్‌కు, ఆయన నుంచి మత్తు డాక్టర్‌కు వెళ్తుంది. ఒక్కొక్కరు చెప్పేసరికి పావుగంట గడుస్తుంది కానీ, "గంట క్రితం" మాత్రం "గంట క్రితం"గానే ఉండిపోతుంది. 6:40 ఎవరి నోట విన్నా 6:40నే. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇవ్వాలి, కాబట్టి ఈ అంకె ఊరికే రాసుకునేది కాదు.

ఎలా జరిగింది. ఇక్కడే మాట పొడుగవుతుంది. ఎవరి తప్పు, లారీ ఏ రాష్ట్రానిది, జనం ఏమన్నారు అన్నవి పోలీసులకు పనికొస్తాయి. శరీరం మీద ఎంత బలం, ఎటు నుంచి పడింది అన్నదే మీరు చెప్పాల్సింది. ఒకటి రెండు చిన్న వాక్యాలు చాలు.

దెబ్బలు. తల నుంచి పాదాల వరకు ఒకే దిశలో వెళ్ళండి. మధ్యలో వెనక్కి రాకండి. దెబ్బ లేదని తేలిన ముఖ్యమైన చోటు కూడా చెప్పాలి: "పొట్ట మెత్తగా ఉంది." చూడని చోటును చూడలేదనే చెప్పండి: "వీపు తిప్పి చూడలేదు." చూడలేదంటే వాళ్ళు చూస్తారు. మీరేమీ అనకపోతే బాగానే ఉందనుకుంటారు.

వైటల్స్. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒక్క రీడింగ్ ఫొటోలాంటిది, రెండుంటే పేషెంట్ ఎటు వెళ్తున్నాడో తెలుస్తుంది. బీపీ 110/70 అని మాత్రమే విన్నవారు నిశ్చింతగా ఉంటారు. 110 నుంచి 88కి వచ్చిందని విన్నవారు పరుగెత్తుతారు. అందుకే మొదటిది, చివరిది చెప్పండి. మధ్యలో తీసిన మూడు రీడింగులు పీసీఆర్‌లో ఉంటాయి, నోటితో చెప్పనక్కర్లేదు.

స్పృహ ఎంత ఉందో చెప్పే జీసీఎస్ మొత్తం చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మన కేసులో 12 అంటే ఈ3, వీ3, ఎం6. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు, పొంతన లేని మాటలు అంటున్నాడు, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నాడు. అదే 12 ఇంకో పేషెంట్‌లో వేరేలా రావచ్చు. అంకె గుర్తురాకపోతే చూసింది చూసినట్టు చెప్పండి, డాక్టర్ లెక్క వేసుకుంటారు.

"బీపీ దొరకలేదు" అన్నది ప్రమాదకరమైన వాక్యం. కఫ్ పనిచేయలేదా, బండి కుదుపులకు వినపడలేదా, పేషెంట్‌కు నిజంగానే బీపీ లేదా? "బీపీ మిషన్ ఎర్రర్ చూపిస్తోంది, మణికట్టు దగ్గర నాడి అందడం లేదు, మెడ దగ్గర అందుతోంది" అంటే ఎవరికీ అనుమానం మిగలదు.

చికిత్స. ఇచ్చినదాని పక్కనే ఫలితం చెప్పండి. "ఎన్‌ఎస్ 300 వెళ్ళింది, బీపీ పెరగలేదు" అన్న వాక్యంలోని రెండో సగమే సర్జన్‌ను కదిలిస్తుంది. లోపల రక్తం పోతూనే ఉందేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. ఇవ్వనిది కూడా ఒక్క మాటలో చెప్పాలి, లేకపోతే నొప్పి మందు రెండుసార్లు పడుతుందేమోనని ఆగుతారు, లేదా అసలు మరిచిపోతారు.

మద్యం. "తాగి ఉన్నాడు సార్" అని మొదట్లోనే అంటే, మగతంతా మద్యం ఖాతాలోకి వెళ్ళిపోతుంది. తలలో రక్తస్రావం, షుగర్ పడిపోవడం కూడా అలాగే కనిపిస్తాయి. "మద్యం వాసన ఉంది, షుగర్ 128" అని, అదీ చివర్లో చెప్పండి. నిర్ణయం డాక్టర్‌కు వదిలేయండి.

## 9. మధ్యలో ప్రశ్న వస్తే

"షుగర్ ఉందా? బీపీ మందులు వాడతాడా?" అని రెండో వాక్యం దగ్గరే అడుగుతారు. ఆగి జవాబిస్తే మీ వరుస తెగిపోతుంది, తిరిగి ఎక్కడ అందుకోవాలో తెలియదు. "చెప్తాను సార్, ఇంకో రెండు లైన్లు" అని కొనసాగించండి. గొంతులో విసుగు ఉండకూడదు, తడబాటూ ఉండకూడదు.

ఒక్క మినహాయింపు ఉంది. ఆ క్షణంలో చేయబోతున్న పనికి సంబంధించిన ప్రశ్న, ఉదాహరణకు సూది చేతిలో పట్టుకుని "పెన్సిలిన్ అలర్జీ ఉందా?" అంటే, వెంటనే చెప్పాలి.

పెద్ద డాక్టర్ అప్పుడే వచ్చి "ఏంటి కేసు?" అంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టకండి. హెడ్‌లైన్, రెండు బీపీలు చెప్పి, "పూర్తిగా ఈ సార్‌కు చెప్పాను" అని చూపించండి.

## 10. విన్నది తిరిగి చెప్పించుకోవడం

"అర్థమైందా సార్?" అని డాక్టర్‌ను అడగలేం, బాగుండదు. కానీ సిస్టర్‌ను అడగవచ్చు: "సిస్టర్, ప్రమాదం టైమ్ ఎంత రాసుకున్నారు?" టైమ్, బీపీ, ఇచ్చిన మందు: ఈ మూడు సరిపోతే చాలు. 6:40 బదులు 7:40 అని కేస్ షీట్‌లోకి ఎక్కితే దాన్ని తర్వాత ఎవరూ దిద్దరు.

## 11. రెండో విడత: తొందర తగ్గాక

కొన్ని వివరాలు ముఖ్యమైనవే, కానీ మొదటి నిమిషంలో అక్కర్లేదు. వాటిని మొదటి విడతలో కలపడం వల్లే మాట పొడుగవుతుంది. పేషెంట్‌ను బెడ్ మీదికి మార్చాక సిస్టర్‌కు గానీ హౌస్ సర్జన్‌కు గానీ చెప్పండి:

- అలర్జీలు
- రోజూ వాడే మందులు, ముఖ్యంగా రక్తం పలచబరిచేవి
- పాత జబ్బులు, ఆపరేషన్లు
- చివరిసారి ఎప్పుడు తిన్నాడు
- బంధువులకు తెలిసిందా, ఎవరు వస్తున్నారు
- ఫోన్, పర్సు, ఉంగరం: ఎవరి చేతికి ఇచ్చారు

రక్తం పలచబరిచే మందు వాడుతున్నాడని తెలిసి, తలకు దెబ్బ ఉంటే మాత్రం అది రెండో విడతకు ఆగకూడదు. దెబ్బల దగ్గరే చెప్పేయండి.

రోడ్డు ప్రమాదం మెడికో లీగల్ కేసు కాబట్టి వస్తువులు సాక్షి ముందు అప్పగించి సంతకం తీసుకోండి. తర్వాత వచ్చే గొడవల్లో సగం ఉంగరాలు, ఫోన్ల గురించే.

## 12. గాయాలు కాని కేసుల్లో ఏం మారుతుంది

వరుస అదే ఉంటుంది. "ఎలా జరిగింది" చోట "ఇబ్బంది ఏమిటి, ఎలా మొదలైంది" వస్తుంది. ఒక్కో జబ్బులో ఒక్కో సంగతి మాత్రం హెడ్‌లైన్ పక్కకే రావాలి.

పురుగుల మందు. డబ్బా తెచ్చారా లేదా అన్నదే మొదటి మాట. ఇంట్లోవాళ్ళు ఏదైనా "మందు" అనే అంటారు. పురుగుల మందా, గడ్డి మందా అన్నది తేలాలి. ఆర్గానోఫాస్ఫరస్ అయితే కంటిపాపలు చిన్నవయ్యాయా, నోట్లో నురగ ఎంత, అట్రోపిన్ ఇచ్చి ఉంటే ఎంత, ఎన్ని గంటలకు అన్నవి చెప్పాలి. గడ్డి మందుల్లో పారాక్వాట్ అయితే ఆక్సిజన్ ఇవ్వడంలోనే జాగ్రత్త మారుతుంది, శాచురేషన్ బాగా పడితే తప్ప ఇవ్వరు. డబ్బాను కవర్లో కట్టి పేషెంట్‌తో పాటే తీసుకెళ్ళండి. బట్టల మీద ఒలికి ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళను ముందే హెచ్చరించండి. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించారా అని కూడా అడగండి, ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు.

పక్షవాతం. "ఎప్పుడు చూశారు" కాదు, "చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు" అని అడగాలి. ఉదయం ఆరింటికి లేవలేకపోయారని కొడుకు చెబుతాడు. కానీ రాత్రి పదింటికి నీళ్ళు తాగి పడుకున్నప్పుడు బాగున్నారంటే సమయం రాత్రి పదే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా 4.5 గంటల గడువు ఉంటుంది, కాబట్టి ఈ తేడాతో చికిత్సే మారిపోతుంది. ఆ సమయం చెప్పగలిగిన బంధువును మీతోనే బండిలో తీసుకెళ్ళండి, వీలుకాకపోతే ఫోన్ నంబర్ తీసుకోండి. షుగర్ అంకె తప్పనిసరి.

పాముకాటు. కాటు సమయం, ఎక్కడ వేసింది, వాపు ఎంతవరకు పాకింది. వాపు అంచున పెన్నుతో గీత గీసి పక్కన టైమ్ రాయండి, అప్పగింతలో ఆ గీత చూపిస్తే చాలు. కనురెప్పలు వాలుతున్నాయా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా చెప్పండి. ఇంట్లోవాళ్ళు తాడు గట్టిగా కట్టి ఉంటే అది హెడ్‌లైన్‌లోనే రావాలి, ఎవరో చూసుకోకుండా ఠక్కున కోసేయకుండా.

## 13. వెళ్ళేముందు

పీసీఆర్‌లోని అంకెలు మీరు నోటితో చెప్పిన అంకెలు ఒకటే అయి ఉండాలి. టేప్ పక్కన పెట్టుకుని నింపండి. అప్పగించిన టైమ్, తీసుకున్న డాక్టర్ పేరు రాసి సంతకం తీసుకోండి. కాపీ కేస్ షీట్‌కు పిన్ చేసే దాకా ఉండండి, టేబుల్ మీద పెట్టి వస్తే అది అక్కడే ఉంటుంది.

ఒక్కోసారి బెడ్ ఖాళీ లేక పేషెంట్ మీ స్ట్రెచర్ మీదే వరండాలో ఉండిపోతాడు. అంతసేపూ పేషెంట్ బాధ్యత ఇంకా మీదే. ప్రతి 5 నిమిషాలకు వైటల్స్ తీసి టేప్ మీద చేర్చండి. ఏదైనా మారితే మొదటిసారి చెప్పినదాన్ని నమ్ముకుని కూర్చోకుండా లోపలికి వెళ్ళి కొత్త హెడ్‌లైన్ చెప్పండి: "సార్, ఇందాకటి లారీ కేసు, బీపీ 88 నుంచి 74కి వచ్చింది."